ఆరుబయట వేడుకల్లో కెమెరా సామానుకు ఫ్లోటర్ పాలసీ: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లో, సొంతంగా ఫొటోగ్రఫీ చేసుకుంటూ పెళ్ళిళ్ళు, నిశ్చితార్థాలు, హోలీ, బతుకమ్మ వంటి ఆరుబయట వేడుకలు చిత్రీకరించే తెలుగువారు నన్ను తరచు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేనూ అదే పనిలో ఉన్నవాణ్ణి. కంపెనీకీ కంపెనీకీ పాలసీ మాటల్లో తేడా ఉంటుంది కాబట్టి ఇక్కడ చెప్పిన ప్రతి అంశాన్నీ మీ చేతిలో ఉన్న పాలసీ పత్రంతో పోల్చి చూసుకోండి.

ఫ్లోటర్ అంటే ఏమిటి? ఆ పేరెందుకు వచ్చింది?

మామూలు ఆస్తి బీమా ఒక చిరునామాకు ముడిపడి ఉంటుంది. ఫ్లోటర్ అలా కాదు; వస్తువు ఎక్కడికి వెళితే బీమా దాని వెంటే వెళుతుంది. అందుకే దానికి ఆ పేరు. ఓడల్లో వెళ్ళే సరుకుకు ఇచ్చే బీమా నుంచి నేల మీద కదిలే సరుకు బీమా పుట్టింది. దాన్ని ఇన్‌ల్యాండ్ మెరైన్ అంటారు, ఫ్లోటర్ అందులో ఒక రకం. ఏయే వస్తువులు ఈ విభాగం కిందికి వస్తాయో తేల్చే నిర్వచనాన్ని అమెరికాలోని రాష్ట్రాల బీమా కమిషనర్లు 1933లో కూర్చి, తర్వాత 1976లో సవరించారు. మీ ఏజెంటు ఫ్లోటర్ అనకుండా ఇన్‌ల్యాండ్ మెరైన్ అనీ, ఎక్విప్‌మెంట్ కవర్ అనీ అంటే కంగారు పడనక్కరలేదు. మన ఊళ్ళో ఫ్లోటర్ అనగానే కుటుంబమంతటికీ కలిపి తీసుకునే ఆరోగ్య బీమా గుర్తొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇంటి బీమా ఉంది కదా, అది చాలదా?

చాలదు. ఇంటి బీమా ఇంట్లో సామానుకు వర్తించే మాట నిజమే గాని, వ్యాపారానికి వాడే వస్తువులకు అందులో విడిగా చిన్న పరిమితి ఉంటుంది. విస్తృతంగా వాడుకలో ఉన్న 2011 నాటి ప్రామాణిక ఫారంలో ఆ పరిమితి ఇంట్లో ఉన్నప్పుడు 2,500 డాలర్లు, ఇల్లు దాటి బయటికి వెళ్ళాక 1,500 డాలర్లు. ఒక మంచి జూమ్ లెన్స్ ధరే అంతకు మించి ఉంటుంది.

ఇంటి బీమాకు తోడుగా నగలు, వయొలిన్లు, కెమెరాల కోసం ఇచ్చే వ్యక్తిగత ఫ్లోటర్ కూడా ఒకటుంది. చవకగా దొరుకుతుంది కాబట్టి చాలామంది దాన్నే తీసుకుంటారు. కాని ఆ ధర సరదాకు ఫొటోలు తీసుకునేవారి కోసం లెక్కగట్టినది. వేడుక చిత్రీకరించి డబ్బు తీసుకున్నారంటే అది వృత్తి కిందికే వస్తుంది, నెలకు ఒక్క వేడుకైనా సరే. క్లెయిమ్ వచ్చినప్పుడు పరిశీలకుడు మీ వెబ్‌సైటు తెరిచి ప్యాకేజీ ధరలు చూడడానికి ఐదు నిమిషాలు పట్టదు. దరఖాస్తులో వ్యాపార వినియోగం అనే గడి దగ్గర నిజం రాసి, వాణిజ్య ఫ్లోటర్ తీసుకోవడమే దారి.

పాలసీ నా పేరు మీద ఉండాలా, నా ఎల్‌ఎల్‌సీ పేరు మీదా?

సామాను ఎవరిదో పాలసీ వారి పేరు మీద ఉండాలి. కెమెరాలు మీ సొంత కార్డుతో, మీ పేరు మీద కొని, తర్వాత ఎల్‌ఎల్‌సీ పెట్టి పాలసీ మాత్రం దాని పేరున తీసుకుంటే, పోయిన వస్తువు ఎవరి ఆస్తి అనే ప్రశ్న తలెత్తుతుంది. ఇద్దరి పేర్లూ బీమాదారులుగా రాయమని అడిగితే చాలా కంపెనీలు అంగీకరిస్తాయి.

షెడ్యూల్ ఎలా రాయాలి? ఒక్కొక్క వస్తువూ రాయాలా, మొత్తం మీద ఒక అంకె చాలా?

షెడ్యూల్ అంటే బీమా చేసిన వస్తువుల జాబితా. రెండు పద్ధతులున్నాయి. మొదటిది కెమెరా బాడీ, లెన్స్, స్ట్రోబ్, ల్యాప్‌టాప్ అన్నిటినీ మోడల్, సీరియల్ నంబరు, విలువలతో విడివిడిగా రాయడం. రెండోది అన్నిటికీ కలిపి ఒకే పరిమితి పెట్టడం, దాన్ని బ్లాంకెట్ అంటారు. నా అభిప్రాయంలో ఐదు వందల డాలర్లు దాటిన ప్రతిదాన్నీ విడిగా రాయించి, స్టాండ్లు, సాఫ్ట్‌బాక్సులు, ట్రిగ్గర్లు, బ్యాటరీలు, బ్యాగులు వంటి చిల్లర సామానును మాత్రం బ్లాంకెట్ కింద పెట్టడం మేలు. చిల్లర సామానని తేలికగా అంటాం గాని అదంతా కలిస్తే రెండు మూడు వేలు అవుతుంది.

బ్లాంకెట్‌లో ఒక చిక్కుంది. చాలా వాణిజ్య పాలసీల్లో కోఇన్సూరెన్స్ అనే షరతు ఉంటుంది, సాధారణంగా 80 శాతం అని రాస్తారు. సామాను మొత్తం విలువలో కనీసం అంత శాతానికి మీరు బీమా చేసి ఉండాలన్నది దాని అర్థం. ప్రీమియం తగ్గుతుందని పరిమితిని తగ్గించుకున్నవారికి దెబ్బ ఇక్కడే తగులుతుంది. ఒక లెక్క చూడండి. మీ సామాను విలువ 20,000 డాలర్లు అనుకుందాం. 80 శాతం అంటే 16,000. మీరు 12,000కే బీమా చేశారు, అంటే ఉండవలసినదానిలో ముప్పాతిక వంతు. ఇప్పుడు 4,000 డాలర్ల నష్టం జరిగింది. మీ పరిమితి 12,000 కదా, 4,000 పూర్తిగా వస్తుందని మీరు అనుకుంటారు. రాదు. ముప్పాతిక వంతు, అంటే 3,000 లెక్కగట్టి, అందులో ప్రతి క్లెయిమ్‌లో మీ వాటాగా పోయే 500 డిడక్టిబుల్ తీసేసి 2,500 ఇస్తారు. మిగిలినది మీరు భరించాలి. ఈ లెక్క పాలసీ ముఖ్య వివరాలు ఉండే డిక్లరేషన్ పేజీలో ఒక చిన్న శాతం అంకె రూపంలో ఉంటుంది. సంతకం చేసే ముందు ఆ అంకె ఉందో లేదో వెతకండి.

సీజను మొదట్లో కొత్త బాడీ కొంటే అది ఆ రోజు నుంచే పాలసీలోకి వస్తుందనుకోకండి. కొత్తగా కొన్న వస్తువుకు చాలా పాలసీలు ముప్పై రోజుల వరకు, అదీ ఒక పరిమితి మేరకే రక్షణ ఇస్తాయి. ఆ లోపు ఏజెంటుకు సీరియల్ నంబరు పంపకపోతే ముప్పై ఒకటో రోజున ఆ కెమెరాకు బీమా లేనట్టే.

విలువ ఎంతని రాయాలి? పన్నులో పూర్తిగా డిప్రిసియేషన్ తీసేసుకున్నాను, ఇక దాని విలువ సున్నా కాదా?

కాదు. పన్ను లెక్కల్లో రాసుకున్న తరుగుదలకూ బీమా తరుగుదలకూ సంబంధం లేదు. కొన్న ఏడాదే మొత్తం ఖర్చు రాసేసుకున్న కెమెరాకు కూడా బజారులో విలువ ఉంటుంది, బీమా చూసేది దాన్నే.

మీరు చూడవలసిన మాట వేరే ఉంది. పాలసీలో వాస్తవ నగదు విలువ అని ఉందా, మార్పిడి వ్యయం అని ఉందా? మొదటిదైతే ఇవాళ అదే వస్తువు కొత్తది కొనడానికి అయ్యే ధరలోంచి వాడకానికి తగ్గ తరుగు తీసి ఇస్తారు. రెండోదైతే తరుగు లేకుండా ఇస్తారు, కాని చాలాసార్లు మీరు నిజంగా కొత్తది కొని రసీదు చూపిన తర్వాతే పూర్తి మొత్తం చేతికి వస్తుంది. ల్యాప్‌టాప్ మూడేళ్ళలోనే సగానికి పైగా విలువ పోగొట్టుకుంటుంది. అందుకని కనీసం దానికైనా మార్పిడి వ్యయమే అడగండి. ఏటా రెన్యువల్ ముందు ఒక సాయంత్రం కూర్చుని ధరలు సరిచూసుకోండి, ఎందుకంటే షెడ్యూల్లో రాసిన అంకెకు మించి ఏ పద్ధతిలోనూ ఇవ్వరు.

ల్యాప్‌టాప్ కెమెరా సామాను కిందికే వస్తుందా?

వస్తుందని అనుకోవద్దు. కెమెరాల కోసం రాసిన ఫారాల్లో ఫొటోగ్రఫీ పరికరాలు, వాటి ఉపకరణాలు అని ఉంటుంది. కంప్యూటరు ఉపకరణమా కాదా అనేది వాదనకు తావిచ్చే విషయం. షెడ్యూల్లో ఒక వరుసగా దాని పేరు రాయించండి, వాదన ఉండదు.

హార్డ్ డ్రైవు పోతే డ్రైవు ధర వస్తుంది, అందులోని పెళ్ళి ఫొటోలకు ఏమీ రాదు. ఆ పెళ్ళివారు డబ్బు వెనక్కి అడిగినా, దావా వేసినా ఫ్లోటర్ దగ్గరికి రాదు. దానికి వృత్తిపరమైన బాధ్యత బీమా వేరే ఉంది. అందుకే నేను రెండు కార్డుల మీదా ఒకేసారి రాసే అమరికతో తీసి, పూర్తయిన కార్డులను బ్యాగులో కాకుండా ఒంటి మీద జేబులో పెట్టుకుంటాను.

గాలి, వాన, పసుపు నీళ్ళు, హోలీ రంగులు వీటివల్ల పాడైతే?

ఆరుబయట పని చేసేవారు నిజంగా అడగవలసిన ప్రశ్న ఇది. ఫ్లోటర్లలో ఎక్కువభాగం అన్ని ప్రమాదాలనూ కవర్ చేసే పద్ధతిలో ఉంటాయి, అంటే మినహాయింపుల్లో లేని ఆకస్మిక భౌతిక నష్టానికి డబ్బు వస్తుంది. ఒక మార్చి సాయంత్రం చెరువు గట్టు మీద నిశ్చితార్థం జరుగుతుండగా నా అష్టభుజి సాఫ్ట్‌బాక్సు తెరచాపలా గాలి పట్టి, స్టాండుతో సహా రాతి మెట్ల మీద పడింది. ఫ్లాష్ ట్యూబు పగిలి, మౌంటు వంగింది. ఇది స్పష్టంగా క్లెయిమ్‌కు తగిన నష్టమే. అయితే ఆ స్ట్రోబు ధర 900, డిడక్టిబుల్ 500, వచ్చేది 400. ఆ 400 కోసం క్లెయిమ్ చరిత్రలో ఒక నమోదు చేర్చుకోవడం ఇష్టంలేక నేను అడగలేదు. ఆ రోజు నుంచి ఒక్కో స్టాండుకు పదిహేను పౌండ్ల ఇసుక సంచి వేలాడదీస్తున్నాను.

వాన విషయంలో జాగ్రత్త ఎక్కువ అవసరం. హఠాత్తుగా కురిసిన జల్లుకు కెమెరా తడిసి చనిపోతే అది ఆకస్మిక నష్టమే. కాని కొన్ని ఫారాల్లో ఆరుబయట పెట్టిన వస్తువులకు వాన, మంచు, వడగళ్ళ వల్ల కలిగే నష్టాన్ని మినహాయిస్తారు. తేమ, తుప్పు, బూజు, అరుగుదల, యాంత్రిక వైఫల్యం దాదాపు అన్ని పాలసీల్లోనూ మినహాయింపులే. ఏజెంటుకు ఈమెయిల్లో ఇలా అడగండి: "వేడుక నడుస్తుండగా వాన పడి, నా చేతిలో ఉన్న కెమెరాకు నష్టం జరిగితే కవర్ అవుతుందా?" జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

హోలీ రంగులు, హల్దీ వేడుకలో పసుపు పొడి ఆకస్మిక నష్టానికీ అరుగుదలకూ మధ్య ఊగే సందర్భాలు. జూమ్ తిప్పినప్పుడు సాగే లెన్సు గాలిని లోపలికి పీలుస్తుంది, గాలితోపాటు మెత్తటి పొడినీ. మరుసటి వారం రింగు గరగరమంటుంది. కంపెనీ దీన్ని అరుగుదల అంటుంది, మీరు ప్రమాదం అంటారు. తీర్పు మరమ్మతు కేంద్రం నివేదిక మీద ఆధారపడుతుంది. లోపల రంగు పొడి దొరికిందనీ, అది ఒకే సంఘటనలో చేరినట్టు కనిపిస్తోందనీ వారు రాస్తే మీ వాదనకు బలం వస్తుంది. కాబట్టి లెన్సును మీరే విప్పి శుభ్రం చేయకుండా, ఆ వేడుక తేదీ చెప్పి అలాగే పంపండి.

కారులోంచి దొంగతనం జరిగితే డబ్బు వస్తుందా?

నేను చూసిన తిరస్కరణల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరిగాయి, అందుకని దీన్ని వివరంగా చెబుతాను. చాలా పాలసీల్లో మనుషులు లేని వాహనం అనే షరతు ఉంటుంది. దాని ప్రకారం కారు తలుపులు, కిటికీలు అన్నీ మూసి తాళం వేసి ఉండాలి, పైగా దొంగ బలవంతంగా లోపలికి వచ్చాడనడానికి కంటికి కనిపించే ఆనవాలు ఉండాలి. కొన్ని కంపెనీలు ఇంకో అడుగు ముందుకు వేసి, సామాను బయటికి కనిపించని మూసిన అరలో ఉండాలని కూడా అంటాయి. సెడాన్ కారు డిక్కీ మూసిన అర అవుతుంది. ఎస్‌యూవీ వెనక భాగం అద్దంలోంచి కనిపిస్తుంది కాబట్టి కాదనే ప్రమాదం ఉంది. పరదా లాగి కప్పితే చాలునా అని ముందే అడగండి.

కంటికి కనిపించే ఆనవాలు అన్న మాట చిన్నదిగా అనిపిస్తుంది. అద్దం పగిలితే ఆనవాలుంది. కాని దొంగ మీ రిమోట్ తాళం సంకేతాన్ని పట్టుకుని తలుపు తెరిస్తే గీత కూడా పడదు. సామాను పోయినది నిజమే అయినా ఆ షరతు కింద క్లెయిమ్ తిరస్కరించవచ్చు. వేడుక ముగిశాక అలసటతో అందరూ హోటల్ దగ్గర ఆగి బిర్యానీ తినే నలభై నిమిషాలే ఎక్కువసార్లు దొంగలకు కలిసొచ్చే సమయం. నాకూ అలాగే జరిగింది. బయటికొచ్చేసరికి వెనక అద్దం పొడిపొడిగా సీటు మీద పడి ఉంది. పిల్లలకు గుచ్చుకుంటుందని నేను ముందు ఆ గాజు ముక్కలన్నీ ఊడ్చేశాను, ఆ తర్వాతే పోలీసులకు ఫోన్ చేశాను. పరిశీలకురాలు మొదట అడిగినది పగిలిన అద్దం ఫొటో. హోటల్ వాళ్ళ కెమెరా దృశ్యం దొరికేదాకా మూడు వారాలు నా ఫైలు కదల్లేదు. ఫొటోలు తీయడమే వృత్తిగా ఉన్నవాణ్ణి, ఆ ఒక్క ఫొటో తీయలేదు.

వేదిక దగ్గర కుర్చీలో పెట్టిన బ్యాగు మాయమైతే? సహాయకుడే తీసుకుపోతే?

బ్యాగు ఎక్కడ, ఎప్పుడు పోయిందో చెప్పలేని పరిస్థితిని పాలసీలో వివరణ లేని అదృశ్యం అంటారు, చాలా వాణిజ్య ఫారాల్లో అది మినహాయింపు. "పెట్టెలు సర్దేటప్పుడు చూస్తే లెన్సు లేదు" అన్నది ఆ కోవకే వస్తుంది. "ఏడున్నరకు మండపం ఎడమవైపు కుర్చీలో పెట్టాను, జీలకర్ర బెల్లం తంతు తీసి ఏడు యాభైకి తిరిగి వచ్చేసరికి బ్యాగు లేదు, వెంటనే నిర్వాహకులకు, పోలీసులకు చెప్పాను" అన్నది దొంగతనం. జరిగినది జరిగినట్టు, సమయాలతో, అదే రాత్రి రాసి పెట్టుకోవడం వల్ల ఇంత తేడా వస్తుంది.

మీరు నమ్మి అప్పగించినవారు చేసిన మోసం కూడా మినహాయింపే. రెండో ఫొటోగ్రాఫరుకు కెమెరా ఇచ్చి పంపితే అతను తిరిగి ఇవ్వకపోవడం, ఆన్‌లైన్‌లో అద్దెకిస్తే ఎవరో నకిలీ గుర్తింపు చూపి తీసుకుని మాయమవడం ఈ కిందికే వస్తాయి. సామాను అద్దెకిచ్చే ఆలోచన ఉంటే దానికి విడిగా, పాలసీకి జోడించే ఎండార్స్‌మెంటు తీసుకోకుండా ఇవ్వకండి.

నేను అద్దెకు తెచ్చిన లెన్సులు, లైట్లు?

అవి మీ ఆస్తి కాదు కాబట్టి ఇతరుల ఆస్తి లేదా అద్దె సామాను అన్న విడి పరిమితి ఉండాలి. అద్దె దుకాణం బీమా సర్టిఫికెట్ అడుగుతుంది, అందులో తమను నష్టపరిహారం అందుకునేవారిగా రాయమంటుంది. వేడుకకు రెండు రోజుల ముందే ఏజెంటును అడగండి; శనివారం పొద్దున ఎవరూ ఫోన్ ఎత్తరు.

స్టాండు పడి అతిథికి దెబ్బ తగిలితే ఫ్లోటర్ ఇస్తుందా?

ఇవ్వదు. ఫ్లోటర్ మీ సామానుకు మాత్రమే. స్టాండు పడి విరిగిన లైటుకు ఫ్లోటర్, పడిన స్టాండు వల్ల గాయపడిన మనిషికి సాధారణ బాధ్యత బీమా. పార్కులు, ఫంక్షన్ హాళ్ళు ఒక్కో సంఘటనకు పది లక్షల డాలర్ల సర్టిఫికెట్ అడిగేది ఈ రెండోదాని గురించి. రెండూ కలిపి ఒకే ప్యాకేజీగా దొరుకుతాయి.

క్లెయిమ్ ఎలా వేయాలి? ఎంత వస్తుందో ఒక ఉదాహరణ చెప్పగలరా?

ఒక శనివారం రాత్రి అద్దం పగలగొట్టి ఒక కెమెరా బాడీ, ఒక 70-200 లెన్సు, ఒక ల్యాప్‌టాప్ తీసుకుపోయారనుకుందాం. మూడూ షెడ్యూల్లో 3,000, 2,600, 2,500 డాలర్లకు ఉన్నాయి. మొత్తం 8,100. మార్పిడి వ్యయం పాలసీ అయితే, కొత్తవాటి ధర ఇవాళ కూడా అంతే ఉంటే, 500 డిడక్టిబుల్ పోను 7,600 వస్తుంది. వాస్తవ నగదు విలువ పాలసీ అయితే పరిశీలకుడు మూడేళ్ళ పాత బాడీకి 1,800, లెన్సుకు 2,000, ల్యాప్‌టాప్‌కు 1,000 కట్టాడనుకోండి. 4,800లోంచి 500 పోను 4,300 చేతికి వస్తుంది. ఒకే దొంగతనానికి 3,300 డాలర్ల తేడా.

పనులు ఈ వరుసలో చేయండి. ముందు దేన్నీ ముట్టుకోకుండా కారు లోపల, బయట ఫొటోలు. తర్వాత పోలీసు రిపోర్టు, అందులో సీరియల్ నంబర్లు. అదే రోజు కంపెనీకి సమాచారం. ఆ తర్వాత కొనుగోలు రసీదులు. వస్తువు మీ దగ్గరే ఉండేదని నిరూపించడానికి రసీదు లేకపోతే మీరు తీసిన పాత ఫొటోలే సాక్ష్యం, ఎందుకంటే చాలా కెమెరాలు ప్రతి ఫైలులోనూ బాడీ సీరియల్ నంబరును, కొన్ని లెన్సు నంబరును కూడా రాస్తాయి. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఇలా చదవవచ్చు:

```
exiftool -SerialNumber -LensSerialNumber -DateTimeOriginal IMG_0421.CR3
```

ఆ రోజు వేడుకలోనే తీసిన ఫైలైతే, పోయే కొన్ని గంటల ముందు ఆ కెమెరా మీ చేతిలో ఉందని దానంతట అదే చెబుతుంది. ఎడిట్ చేసిన కాపీల్లో ఈ వివరాలు తుడిచిపెట్టుకుపోయి ఉండవచ్చు, కాబట్టి అసలు రా ఫైళ్ళు చూపండి.

కంపెనీ నష్టాన్ని ప్రమాణపూర్వకంగా రాసివ్వమంటే, సాధారణంగా అడిగిన అరవై రోజుల్లోపు ఇవ్వాలి. టెక్సాస్ చట్టం కంపెనీకి కూడా గడువులు పెట్టింది. క్లెయిమ్ అందినట్టు 15 రోజుల్లో తెలియజేయాలి. అడిగిన పత్రాలన్నీ అందాక సాధారణంగా 15 పనిదినాల్లో ఒప్పుకుంటున్నారో లేదో చెప్పాలి. ఒప్పుకున్నాక 5 పనిదినాల్లో చెల్లించాలి. రాష్ట్ర లైసెన్సు లేకుండా ప్రత్యేక ఏర్పాటు కింద పాలసీలిచ్చే సర్‌ప్లస్ లైన్స్ కంపెనీలకు వీటిలో కొన్ని గడువులు ఎక్కువ ఉంటాయి, మీ పాలసీ అలాంటిదేమో మొదటి పేజీలో చూడండి.

ప్రీమియం పన్నులో చూపవచ్చా?

వ్యాపార ఖర్చు కాబట్టి చూపవచ్చు. సొంత వ్యాపారులు షెడ్యూల్ సి ఫారంలో బీమా ఖర్చులకు ఉన్న 15వ వరుసలో రాస్తారు.

ఇండియాలో పెళ్ళి తీయడానికి ఇదే సామాను తీసుకెళితే?

డిక్లరేషన్ పేజీలో కవరేజ్ ప్రాంతం అని ఉంటుంది. కొన్ని పాలసీలు ప్రపంచమంతటా అంటాయి, కొన్ని అమెరికా, ప్యూర్టో రికో, కెనడాలకే పరిమితం. రెండో రకమైతే హైదరాబాద్‌లో విమానం దిగేసరికి మీ కెమెరాకు బీమా ఉండదు. టికెట్ కొన్న రోజే ఏజెంటును అడిగి తాత్కాలికంగా ప్రాంతం పెంచమనండి. స్ట్రోబుల విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. 100 వాట్-అవర్లు దాటినవాటికి విమానయాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటినవి ప్రయాణికుల సామానులో అసలు తీసుకెళ్ళకూడదు. పెద్ద స్ట్రోబుల బ్యాటరీ మీద ఆ అంకె ముద్రించి ఉంటుంది, పెట్టె సర్దే ముందు చదివి చూసుకోండి.